ఓంకారానికి "సరైన ఫ్రీక్వెన్సీ" అంటూ ఒకటుందా?

గుణుపురం_శ్రీను
మా ఊళ్లో కొత్తగా ఒక ధ్యానం క్లాసు పెట్టారు. పేరు చెప్పను. అక్కడి గురువు గారు ఓంకారం కచ్చితంగా 136.1 హెర్ట్జ్‌లోనే పలకాలని, అది భూమి సొంత ధ్వని అని, తప్పితే ఫలితం ఉండదని అంటున్నారు. ఇంటికొచ్చి ఫోన్లో శ్రుతి చూసే యాప్ వేసి అందరిచేతా పలికించాను. నాన్న గొంతు 118 దగ్గర ఆగింది, నాది 140 దాటింది, మా ఆవిడది 210, పాపది 260. అంటే మా ఇంట్లో ఎవరిదీ ఓం కాదన్నమాట. పాప అప్పటినుంచి టెన్షన్ పడుతోంది, గొంతు బరువుగా పెట్టి దగ్గుతోంది. అసలు ఈ అంకె ఏ శాస్త్రంలో ఉంది? తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు, ఇప్పటికే చాలా ఉన్నాయి.

విజయ్_వైబ్రేషన్
గురువు గారు చెప్పింది కరెక్టే అన్నా. సృష్టి మొత్తం కంపనమే. సూర్యుడి శబ్దాన్ని నాసా రికార్డు చేస్తే ఓం అని వినిపించింది. మన ఋషులకి ఇది ముందే తెలుసు.

గుణుపురం_శ్రీను
వద్దన్నది ఇదే కదా విజయ్.

హార్మోనియం_అప్పారావు
నలభై ఏళ్లుగా బరంపురంలో పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయిస్తున్నాను. మీరు చెప్పిన అంకె నా పెట్టెలో లేదు బాబూ. ఒకటో శ్రుతికీ ఒకటిన్నరకీ మధ్యలో పడుతుంది, ఒకటిన్నరకి కొంచెం కింద. ఆ శ్రుతి కావాలంటే రీడ్ గీకించాలి. పాపకి నాలుగున్నర, ఐదు శ్రుతి పెట్టండి, హాయిగా పాడుతుంది.

రాయగడ_రమణి
అప్పారావు గారూ, పాప పాట నేర్చుకోవడం లేదండి, ఓం అంటోంది 😄

జయపురం_రేడియో
కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ 136.1 ఎలా పుట్టిందో లెక్క చేసి చూపిస్తాను, ఎవరైనా కాలిక్యులేటర్ మీద సరిచూసుకోవచ్చు.

భూమి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 3,15,56,925 సెకన్లు పడుతుంది. ఆ తిరగడాన్నే ఒక కంపనం అనుకోండి. సెకనుకి ఎన్ని కంపనాలు? ఒకటిని ఆ పెద్ద సంఖ్యతో భాగించాలి. చెవికి వినపడనంత చిన్న అంకె వస్తుంది. సంగీతంలో ఒక స్వరం ఫ్రీక్వెన్సీని రెండింతలు చేస్తే పై స్థాయిలో అదే స్వరం వస్తుంది కదా, అలాగే ఈ చిన్న అంకెనీ రెండింతలు చేసుకుంటూ పోతారు. 32 సార్లు చేస్తే 136.1 దగ్గర తేలుతుంది. ఈ పద్ధతిని 1978లో హాన్స్ కౌస్టో అనే స్విట్జర్లాండ్ ఆయన తయారుచేశాడు. తర్వాత దాన్ని ఓంకారానికి అంటించారు.

లెక్క తప్పు కాదు, ఎంపికే ఇష్టారాజ్యం. సంవత్సరం బదులు రోజు తీసుకోండి. 86,400 సెకన్లు, 24 సార్లు రెండింతలు చేస్తే 194 పైచిలుకు వస్తుంది. మరి భూమి సొంత ధ్వని ఏది, 136 ఆ, 194 ఆ? 32 సార్ల దగ్గరే ఎందుకు ఆగాలి? 33 సార్లు చేస్తే 272. శ్రీను గారి పాప 260కి అదే దగ్గర! భూమి ఆ శబ్దం చేయడం లేదు. దాని తిరుగుడుని మనం వినపడే చోటికి మోసుకొచ్చాం, అంతే.

గుణుపురం_శ్రీను
పాపకి 272 అని చెప్పేస్తాను. ఇంట్లో శాంతి నెలకొంటుంది.

విజయ్_వైబ్రేషన్
సరే, భూమి సంగతి వదిలేయండి. సూర్యుడి ఆడియో మాత్రం నిజంగా ఉంది సార్. నేను విన్నాను. అచ్చం గుంయ్ అని ఓంకారంలాగే ఉంది.

జయపురం_రేడియో
ఆడియో ఉంది, కాదనను. అది ఎలా వచ్చిందో చూడు. సూర్యుడి ఉపరితలం దాదాపు ఐదు నిమిషాలకోసారి పైకీ కిందకీ ఊగుతుంది. ఇది 1960ల్లో బయటపడింది. మధ్యలో శూన్యం కాబట్టి అక్కడి శబ్దం మన దాకా రాదు. అందుకే సోహో అనే వ్యోమనౌకలోని పరికరం వెలుగు తరంగదైర్ఘ్యంలో తేడాని బట్టి ఆ ఊగుడుని కొలిచింది. తర్వాత 40 రోజుల కొలతల్ని 42,000 రెట్లు వేగం పెంచి స్పీకర్లో వినిపించారు. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. 42,000ని 300తో భాగించు. సెకనుకి 140. అంటే నువ్వు విన్న ఆ గుంయ్ ఏ శ్రుతిలో ఉండాలో వేగం పెంచినవాళ్లు నిర్ణయించారు. ఇంకో పది రెట్లు పెంచితే ఈల అయ్యేది. అప్పుడు సూర్యుడు ఈల వేస్తున్నాడని ఫార్వర్డ్ వచ్చేది.

రాయగడ_రమణి
సూర్యుడు ఈల 😂😂 స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పర్లాకిమిడి_పంతులు
శాస్త్రంలో ఏముందని శ్రీను అడిగాడు. నేను తైత్తిరీయ శాఖవాణ్ణి, తెలిసినంత చెబుతాను.

తైత్తిరీయ ఉపనిషత్తులోని శీక్షావల్లి మొదట్లోనే ఉచ్చారణకి కావలసినవి ఆరు చెప్పారు. వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ, సంతానం. ఏ అక్షరం, ఉదాత్తమా అనుదాత్తమా, ఎంతసేపు, ఎంత ప్రయత్నంతో, ఎంత సమంగా, పక్క అక్షరంతో ఎలా కలిపి, ఇవే. ఎంత శ్రుతిలో అనేది ఇందులో లేదు. స్వరం అన్నా హెచ్చుతగ్గులే. మా నాన్నగారు బరువు గొంతుతో చెప్పేవారు, నేను సన్నగా చెబుతాను. పక్క స్వరం కంటే కిందికి దిగిందా లేదా అన్నదే చూస్తారు.

ఓంకారానికి కొలత చెప్పింది కాలంలోనే. ఆరంభంలో పలికే ఓం ప్లుతం కావాలని పాణిని సూత్రం. ప్లుతమంటే మూడు మాత్రలు. మాత్ర ఎంత అంటే ఉచ్చారణ నేర్పే శిక్షా గ్రంథంలో గడియారం లేదు, పక్షులున్నాయి. పాలపిట్ట కూత ఒక మాత్ర, కాకిది రెండు, నెమలిది మూడు, ముంగిసది అర మాత్ర. పాలపిట్ట మన ఒడిశా రాష్ట్ర పక్షే కదా, వంశధార గట్టున వైర్ల మీద కూర్చుని ఉంటుంది, వెళ్లి వినండి.

హార్మోనియం_అప్పారావు
పాలపిట్ట గొంతు అస్సలు బాగోదు పంతులు గారూ. గరగరా అరుస్తుంది.

పర్లాకిమిడి_పంతులు
కొలత కోసం చెప్పారు అప్పారావు గారూ, కచేరీ కోసం కాదు.

రాయగడ_రమణి
నాకో డౌటు. మూడు మాత్రలంటే నెమలి కూత, అంటే ఒకట్రెండు సెకన్లు. మేం వెళ్లే యోగా క్లాసులో ఊపిరి ఉన్నంతసేపు సాగదీయమంటారు. చివర్లో మ్‌మ్‌మ్ అని ఇంకా సాగదీయాలి. ఏది రైటు?

పర్లాకిమిడి_పంతులు
రెండూ వేర్వేరు పనులమ్మా. వేదపాఠం మొదట్లో చెప్పే ఓం వేరు. అక్కడ సాగదీస్తూ కూర్చుంటే పక్కవాళ్లు నీకోసం ఆగాలి. నాదం మీద మనసు నిలపడం యోగంలో వచ్చింది. అక్కడ దీర్ఘంగా, గంట మోత సన్నగిల్లినట్టు పలకమన్నారు. ఒకదాని నియమం తెచ్చి ఇంకోదానికి పెట్టడం వల్లే ఈ గొడవలన్నీ.

బుల్లెమ్మ_బరంపురం
నాకు సైనసు ఉంది. ఓం చెబితే పోతుందని మా తోటికోడలు చెప్పింది. చలికాలంలో మొదలుపెట్టాను. మ్ అనేటప్పుడు కళ్ల మధ్య నొప్పి పుట్టి మానేశాను. నా ఫ్రీక్వెన్సీ తప్పంటారా?

జయపురం_రేడియో
మీ ఫ్రీక్వెన్సీకి ఏ దోషమూ లేదమ్మా. ముక్కు దిబ్బడ అయి ఉంటుంది.

ఒక్క చిన్న పని చేసి చూడండి అందరూ. ఆ అంటూ ముక్కు మూసుకోండి, శబ్దం ఆగదు. మ్ అంటూ మూసుకోండి, టక్కున ఆగిపోతుంది. మకారంలో పెదవులు మూతపడతాయి, గాలికి ముక్కు ఒక్కటే దారి. నోట్లో చిక్కుకున్న శబ్దం బుగ్గల్నీ పెదవుల్నీ ముక్కు ఎముకనీ కదిలిస్తుంది. అరచెయ్యి గుండె మీద పెట్టి ఆ అనండి, తర్వాత చెయ్యి నడినెత్తి మీదకి మార్చి మ్ అనండి, తేడా మీకే తెలుస్తుంది. శ్రుతి ఎక్కడా మార్చలేదు, దారి మారింది. అకారంలో గొంతు పైన బోలెడు పై స్వరాలు వినపడతాయి, ఉకారంలో అవి తగ్గుతాయి, మకారంలో దాదాపు మూలస్వరమే మిగులుతుంది. అందుకే లోపలికి వెళ్తున్నట్టు అనిపిస్తుంది.

సైనసు మీద మంచి ప్రయోగం ఒకటుంది. 2002లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థవాళ్లు చేశారు. ముక్కు చుట్టూ ఉన్న ఎముక గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. మామూలుగా ఊపిరి వదిలినప్పటికంటే గుంయ్ మంటూ వదిలినప్పుడు ముక్కులోంచి అది 15 రెట్లు ఎక్కువగా బయటికొచ్చింది. ఆ కంపనానికి సైనసు గదుల్లోని గాలి బయటి గాలితో గబగబా మారుతుంది. వెంటవెంటనే మళ్లీ చేస్తే తగ్గుతూ పోతుంది, గదిలో నిల్వ అయిపోతుంది కదా. దారి మూసుకుపోయిన సైనసుకి ఆ పెరుగుదల సరిగ్గా కనపడదు. అంతవరకే. జబ్బు తగ్గిందని ఆ ప్రయోగం చెప్పలేదు. ఓం అనే మాటకీ దానికీ సంబంధం లేదు, నోరు మూసుకుని జోలపాట కూనిరాగం తీసినా అదే జరుగుతుంది. నొప్పి ఉంటే ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి.

బుల్లెమ్మ_బరంపురం
జోలపాటకి కూడానా! తోటికోడలికి చెప్పాలి.

విజయ్_వైబ్రేషన్
సార్ మీరు అన్నీ ముక్కులోకి దించేస్తున్నారు. కంపనమే మూలమని మనవాళ్లు చెప్పలేదా? కాశ్మీర్‌లో స్పంద శాస్త్రమే ఉంది. స్పందం అంటే వైబ్రేషన్. స్ట్రింగ్ థియరీ కూడా అదే కదా.

పర్లాకిమిడి_పంతులు
విజయ్ సగం బాగా పట్టుకున్నాడు. స్పంద శాస్త్రం ఉంది, తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీర్‌లో పుట్టింది. కంపనాన్ని అంత నడిమధ్యన పెట్టిన దర్శనం ఇంకోటి లేదు. అయితే వాళ్ల స్పందం గాలి కదలిక కాదు. చైతన్యంలో పుట్టే అతి సూక్ష్మమైన కదలిక. అంత కోపమో సంతోషమో వచ్చి, ఇంకా మాట కాకముందు లోపల ఒక్క క్షణం కదులుతుందే, అక్కడ దాన్ని పట్టుకోమంటారు. దానికి హెర్ట్జ్ పెట్టలేం. స్ట్రింగ్ థియరీ సంగతి రేడియో గారు చూసుకుంటారు.

దీనికంటే ఆసక్తికరమైన తగువు ఒకటుంది. నైయాయికులు, అంటే న్యాయ దర్శనంవాళ్లు, శబ్దం పుట్టి పోతుందంటారు. ఒక శబ్దం పక్కన ఇంకో శబ్దాన్ని పుట్టిస్తుంది, అది మరోదాన్ని, నీటి అలల వరసలాగా చెవి దాకా వస్తుంది. వీచీతరంగ న్యాయం అంటారు. మీమాంసకులు ఒప్పుకోరు. అక్షరం నిత్యం, అది పుట్టదు. మనం పలికినప్పుడు గాలి కదిలి, ఉన్నదాన్ని బయటపెడుతుంది, అంతే. రుజువేమిటంటారా? ఒకడు పదిసార్లు గ అంటే పది గకారాలు విన్నాం అనం. గకారాన్నే పదిసార్లు పలికాడు అంటాం.

ఇప్పుడు శ్రీను ఇంటికి రండి. తాతగారు 118లో అన్నా, మనవరాలు 260లో అన్నా విన్నవాళ్లు ఓం అనే అంటారు. మీమాంస ప్రకారం ఆ రెండూ ఒకే ఓం. అంకెలు గాలివి, ఓంకారానివి కావు.

గుణుపురం_శ్రీను
పంతులు గారూ, ఇది ప్రింటు తీసి క్లాసు గోడకి అంటిస్తాను.

లంజియా_కొండగాలి
మీరందరూ శబ్దం గురించే మాట్లాడుతున్నారు. మన గుణుపురం పక్కనే సవరల్లో అక్షరాలనే పూజించేవాళ్లున్నారు, ఎవరూ చెప్పలేదు. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకి సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. 24 అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవుడు. అక్షర బ్రహ్మ అని కొలుస్తారు. మా అమ్మమ్మ ఊళ్లో ఆ మతంవాళ్లు ఉండేవారు. అక్కడ ముందు కంటికి కనపడేది లిపే.

విజయ్_వైబ్రేషన్
24 అంటే గాయత్రి మంత్రంలోని 24 అక్షరాలు! చూశారా కనెక్షన్.

లంజియా_కొండగాలి
అంకె కలిసిందని అన్నీ గాయత్రి అయిపోవు తమ్ముడూ. అవి సవర దేవుళ్ల పేర్లు. మా కొండల్లోది మాకు వదిలేయండి కాసేపు.

రాయగడ_రమణి
👏

చంద్రగిరి_చాయ్
నాకు మోహనలో చిన్న కొట్టు ఉంది. జిరంగ బౌద్ధ ఆలయానికి వెళ్లేవాళ్లు అక్కడే ఆగుతారు. చంద్రగిరి టిబెటన్లు 1963 నుంచి ఉన్నారు, 2010లో దలైలామా వచ్చి ఆ పెద్ద గుడిని ప్రారంభించారు. వాళ్ల మంత్రంలోనూ మొదట ఓం ఉంది, ఓం మణి పద్మే హూం. నేను ఒక లామాని అడిగాను. ఓం ఆః హూం అని మూడు వేరే చెబుతారట. ఓం నుదుట శరీరానికి, ఆః గొంతు దగ్గర వాక్కుకి, హూం గుండె దగ్గర మనసుకి. నాకు వింతగా అనిపించింది. మనం ఓంని మాటకే మూలం అనుకుంటాం కదా, వాళ్లు వాక్కు పని ఆః కి ఇచ్చారు.

ఇంకోటి. వాళ్ల ప్రార్థన చక్రాల్లో కాగితం మీద మంత్రం అచ్చువేసి చుట్టి పెడతారు. తిప్పితే చాలు, పలికినంత పుణ్యం. అందులో కంపనం ఎక్కడుంది?

విజయ్_వైబ్రేషన్
చక్రం తిరగడం కూడా ఫ్రీక్వెన్సీయే కదా.

జయపురం_రేడియో
అయితే మా ఇంటి సీలింగ్ ఫ్యాన్‌కి ఎంత పుణ్యం వచ్చి ఉంటుందో!

పర్లాకిమిడి_పంతులు
చక్రం సంగతి వచ్చింది కాబట్టి మన దగ్గరా ఉన్నది చెబుతాను. మనుస్మృతి రెండో అధ్యాయంలో విధియజ్ఞం కంటే జపం పది రెట్లు, పెదవులు కదులుతూ పక్కవాడికి వినపడని ఉపాంశు జపం నూరు రెట్లు, మనసులోనే చేసే మానస జపం వెయ్యి రెట్లు అన్నారు. అంటే గాలి ఎంత తక్కువ కదిలితే అంత ఎక్కువ. మాండూక్య ఉపనిషత్తు కూడా అంతే. పన్నెండే మంత్రాలు. అకారం మెలకువ, ఉకారం కల, మకారం గాఢనిద్ర. నాలుగోదానికి మాత్రే లేదన్నారు, పలకడానికి వీల్లేదు. కంపనమే సర్వస్వమైతే ఈ రెండింటినీ ఏం చేయాలి?

విజయ్_వైబ్రేషన్
మనసులో అనుకున్నా లోపల ఏదో ఒకటి కదులుతుంది కదా పంతులు గారూ? నాకు నాలుక లోపల కొంచెం కదిలినట్టే ఉంటుంది.

జయపురం_రేడియో
ఇది మాత్రం విజయ్ బాగా అడిగాడు. మనసులో మాటలు అనుకునేటప్పుడు నాలుక, గొంతు కండరాల్లో కొద్దిపాటి విద్యుత్ చలనం కొందరిలో పట్టుబడుతుంది. స్వరతంతువులు మోగవు కాబట్టి దాన్ని శబ్దం అనలేం. అలాగని ఏమీ లేదనీ అనలేం.

పర్లాకిమిడి_పంతులు
నాలుక కదిలితే అది మానసం కాదు, ఉపాంశువు కిందికి వస్తుందని మా గురువు గారు అనేవారు.

జయపురం_రేడియో
అలాగైతే వెయ్యి రెట్ల జపం చేసేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు పంతులు గారూ.

పర్లాకిమిడి_పంతులు
అందుకేగా వెయ్యి అన్నారు.

హార్మోనియం_అప్పారావు
ఇదంతా సరే, ఒక ప్రాక్టికల్ ముక్క. పదిమంది కలిసి ఓం చెప్పేటప్పుడు ఎవరి శ్రుతి వాళ్లు పెట్టుకుంటే చెవులు పగులుతాయి. గుళ్లో రోజూ వింటున్నాను. కలిసి చెప్పేటప్పుడు ఒక శ్రుతి పెట్టె పక్కన పెట్టుకోండి. ఆడవాళ్లు పై స్థాయిలో, మగవాళ్లు కింది స్థాయిలో అందుకుంటారు. దానికి భూమి చుట్టూ తిరగక్కర్లేదు.

గుణుపురం_శ్రీను
క్లాసులో అదే అడుగుతాను. అప్పారావు గారూ, ఆడా మగా కలిసిన గుంపుకి ఏ శ్రుతి పెట్టమంటారు?

హార్మోనియం_అప్పారావు
ముందు ఆడవాళ్లకి ఐదు పెట్టి చూడండి. మగవాళ్లు దాని కింది ఐదు అందుకోలేక నసుగుతుంటే ఒకటికి మారండి. అందరి గొంతుకీ ఒక్కటే సరిపోతుందని మాత్రం నా దగ్గర మాట తీసుకోకండి.

బుల్లెమ్మ_బరంపురం
మా తోటికోడలు అడుగుతోంది, జోలపాటకి ఏ శ్రుతి?